ప్రత్యయంలోని అచ్చు ఎవరి మాట వింటుంది?

‘అడుగు’, ‘అడిగి’, ‘అడగను’. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. ‘డ’ మీద ఉన్న అచ్చు ఒకచోట ఉ, ఒకచోట ఇ, ఇంకోచోట అ. తర్వాత వచ్చే అచ్చును బట్టి అది మారుతోంది. ‘మనిషి’కి ‘లు’ చేరిస్తే ‘మనుషులు’ వస్తుంది. చివరి ఇ మాత్రమే కాదు, దాని ముందున్న ఇ కూడా ఉ అయింది. ఒక మాటలోని అచ్చులు ఏదో ఒక గుణంలో ఇలా జతకట్టి నడవడమే అచ్చుల పొందిక. స్వరసామ్యం అని కూడా అంటారు.

నిజమైన భాషలో మాండలికాలు, మినహాయింపులు అడ్డొస్తాయి. అందుకే పద్ధతి నేర్చుకోవడానికి దొరుమి అనే భాషను కల్పిద్దాం. అందులో అచ్చులు ఐదే: ఇ, ఎ, అ, ఒ, ఉ. వరసగా మూలం, బహువచనం, ‘లో’ అనే అర్థమిచ్చే రూపం ఇవి:

మెరి (చేప): మెరికె, మెరిలి
తిపె (గింజ): తిపెకె, తిపెలి
సొదు (పడవ): సొదుకొ, సొదులు
గును (రాయి): గునుకొ, గునులు
బెమ (గూడు): బెమకె, బెమలి
రొత (దారి): రొతకొ, రొతలు
లప (చెయ్యి): లపకొ, లపలు
లెము (దీపం, అరువు మాట): లెముకొ, లెములు

బహువచన ప్రత్యయం కె/కొ, ‘లో’ ప్రత్యయం లి/లు. ఏది ఎప్పుడు వస్తుంది?

చాలామందికి మొదట తట్టేది, మూలం చివరి అచ్చునే ప్రత్యయం మళ్లీ పలుకుతోందని. ‘మెరిలి’ చూస్తే అలాగే ఉంటుంది. కానీ ‘తిపె’ తర్వాత లె రావాలి, వచ్చింది లి. ‘మెరి’ తర్వాత కి రావాలి, వచ్చింది కె. అంటే అచ్చు మొత్తం పాకడం లేదు, దాని గుణాల్లో ఒకటే పాకుతోంది. ఇ, ఎ పలికేటప్పుడు నాలుక ముందుకు వస్తుంది. ఉ, ఒ పలికేటప్పుడు వెనక్కి పోతుంది. అందుకే మొదటి రెండూ ముందు అచ్చులు, తర్వాతి రెండూ వెనక అచ్చులు. ఈ ముందు-వెనకలు మూలం నుంచి వస్తాయి. నాలుక ఎంత ఎత్తున ఉండాలో మాత్రం ప్రత్యయమే చెబుతుంది: లి/లులో ఎత్తు, కె/కొలో మధ్యస్థం. ఒకే అచ్చులోని గుణాలు ఇలా వేర్వేరు చోట్ల నుంచి రావచ్చని చూపించడమే ఈ ప్రక్రియలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం.

‘బెమ’, ‘రొత’ రెండూ అకారంతోనే ముగుస్తాయి, ప్రత్యయాలు మాత్రం వేరు. దొరుమిలో అ ముందుదీ కాదు, వెనకదీ కాదు. గుణం దాన్ని దాటుకుని అవతలికి పోతోంది, హల్లును దాటినంత తేలిగ్గా. ఇలాంటి అచ్చును తటస్థం అంటారు. అలాగని మాటలోని మొదటి అచ్చే అన్నీ నిర్ణయిస్తుందనుకోకూడదు. ‘లెము’లో మొదటిది ఎ, అయినా వచ్చింది కొ. కాబట్టి చూడాల్సింది ప్రత్యయానికి ఎడమవైపు, అన్నిటికన్నా దగ్గరగా ఉన్న తటస్థం కాని అచ్చును.

ఇక మిగిలింది ‘లప’. ఇందులో ఉన్నవి రెండూ తటస్థాలే, ప్రత్యయానికి ఏ ఆజ్ఞా అందదు. అయినా కొ, లు వచ్చాయి. మిగతా మాటలన్నీ చూసినా ప్రత్యయం అసలు రూపం కెనో కొనో తేలదు. ఈ ఒక్క మాట తేలుస్తుంది. అసలు రూపాలు కొ, లు. ముందు అచ్చు ప్రభావం పడినప్పుడే అవి కె, లి అవుతాయి. ప్రత్యయంలో ముందు-వెనకలు ఖాళీగా ఉంటాయనీ, ఏదీ అందకపోతే ‘వెనక’ అని నింపుకుంటుందనీ కూడా చెప్పొచ్చు. ఈ డేటాకు రెండూ సరిపోతాయి. నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను, ఒక్క నియమంతో పని అయిపోతుంది కనుక. ఫిన్నిష్ దీనికి ఎదురు: అక్కడ ఇ, ఎ తటస్థాలు, అవి మాత్రమే ఉన్న మాటలకు సాధారణంగా ముందు అచ్చు ప్రత్యయమే చేరుతుంది. ఏ వైపు మొగ్గాలన్నది భాష భాషకూ మారుతుందన్నమాట.

దిశ కూడా గమనించండి. దొరుమిలో ప్రభావం మూలం నుంచి ప్రత్యయానికి పోతుంది. టర్కిష్‌లోనూ అంతే: ‘ఎవ్’ (ఇల్లు) బహువచనం ‘ఎవ్లెర్’, ‘అట్’ (గుర్రం) బహువచనం ‘అట్లర్’. మన ‘మనుషులు’లో ప్రత్యయమే మూలాన్ని మార్చింది. కానీ ‘పులికి’, ‘చెట్టుకు’ అన్నప్పుడు తెలుగులో కూడా మూలానిదే పెత్తనం. మాట్లాడేటప్పుడు ‘చెట్టుకి’ అనేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల నోట ఈ రెండో పొందిక సడలిపోయింది.

ఇప్పుడు బిగ, తొరె, గజ అనే మూడు కొత్త మాటలు దొరుమిలోకి వచ్చాయనుకుని బహువచనాలు రాయండి. బిగకె, తొరెకె, గజకొ రావాలి. ‘తొరెకొ’ అని రాసినవాళ్లు మొదటి అచ్చును చూశారు. ‘బిగకొ’ అని రాసినవాళ్లు అ దగ్గరే ఆగిపోయారు, దాన్ని దాటి ఎడమకు ఇంకో అడుగు వెయ్యాలి.