బీపీ మాత్రలు: 112 మంది చెప్పిన మాట ఎంతవరకు నమ్మొచ్చు

అందరికీ నమస్కారం. డాక్టర్ గారికి, ఏఎన్ఎమ్ అక్కలకు, ఆశా అక్కలకు. పది నిమిషాలే తీసుకుంటాను.

ముందు ఈ స్లైడ్ చూడండి, దీని మీద ఒక్క అంకే ఉంది: 112. మొన్న ఫిబ్రవరిలో మా పీహెచ్‌సీకి బీపీ మందుల కోసం వచ్చినవాళ్లలో 140 మందిని నేనూ మా ఏఎన్ఎమ్ అక్కా అడిగితే 112 మంది జవాబు చెప్పారు, 28 మంది బస్సు టైమైందనో ఇంట్లో పనుందనో వెళ్లిపోయారు. ఇకనుంచి నేను చెప్పే ప్రతి మాటా ఆ 112 మంది గురించే, మన జిల్లా గురించి కాదు.

మేం అడిగింది ఒకటే ప్రశ్న, "పోయిన వారంలో ఎన్ని రోజులు మాత్ర వేసుకోవడం కుదరలేదు?" అని. మొదట "మందులు సరిగ్గా వాడుతున్నారా" అని ఎనిమిది మందిని అడిగి చూశాం, ఎనిమిది మందీ "ఆ వాడుతున్నానమ్మా" అన్నారు, అందుకే ప్రశ్న మార్చాం, ఆ ఎనిమిది మందిని లెక్కలో కలపలేదు.

రెండు రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ మాత్ర వేసుకోలేదన్నవాళ్లు 43 మంది. అంటే 38 శాతం. కానీ దయచేసి ఈ 38ని ఒక్కదాన్నే రాసుకుని వెళ్లకండి. ఇంత చిన్న సర్వేలో అసలు సంఖ్య 29 నుంచి 47 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఆ లెక్క కూడా ఊళ్లో ఉన్న రోగులందరిలోంచి చీటీ తీసినట్టు ఎంచుకుంటేనే నిలుస్తుంది, మేం అలా ఎంచుకోలేదు, ఆ రోజు ఓపీకి ఎవరొస్తే వాళ్లనే అడిగాం.

మానేసిన 43 మందిలో 19 మంది "బాగానే ఉంది కదా అని ఆపేశాను" అన్నారు, 13 మందికి మాత్రలు అయిపోయాయి, ఏడుగురు కూలికి వేరే ఊరు వెళ్లారు, మిగతా నలుగురివి తలో కారణం. నాకు ముఖ్యంగా కనిపించింది ఆ 19 మందే, ఎందుకంటే తలనొప్పీ కళ్లు తిరగడమూ లేకపోతే బీపీ తగ్గిపోయినట్టే అనుకుంటున్నారు, అది మనం రోజూ ఓపీలో వినే మాటే.

మగవాళ్లలో 41 మందికి 19 మంది, ఆడవాళ్లలో 71 మందికి 24 మంది మానేశారు. 46 శాతం, 34 శాతం. చూడగానే "మగవాళ్లకే అశ్రద్ధ" అనాలనిపిస్తుంది, నేనూ మొదటి స్లైడుల్లో అలాగే రాశాను. తర్వాత లెక్క వేస్తే ఇంత తక్కువ మందిలో ఈ తేడా ఊరికే కూడా రావొచ్చని తేలింది, అందుకే ఆ వాక్యం తీసేశాను.

ఇప్పుడు అసలు లోపానికి వస్తాను, నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. మందులు పూర్తిగా మానేసినవాళ్లు పీహెచ్‌సీకి రారు. మేం అడిగింది వచ్చినవాళ్లనే. పైగా ఫిబ్రవరిలో మా పల్లెల నుంచి చాలామంది మిరప కోతలకు పల్నాడు, గుంటూరు వైపు పోతారు, వాళ్లెవరూ మా లెక్కలో లేరు. దానికి తోడు మేం యూనిఫామ్‌లో ఎదురుగా కూర్చుని అడిగాం, తప్పులేదమ్మా చెప్పండి అన్నా మొహమాటపడతారు.

ఒకావిడ రోజూ వేసుకుంటున్నానని గట్టిగా చెప్పింది. చెబుతూనే కొంగుముడి విప్పి స్ట్రిప్పులు బయటికి తీసింది. ఇరవై రోజుల కిందట ముప్పై మాత్రలిచ్చాం, రోజుకొకటి, ఇంకా పద్దెనిమిది మిగిలున్నాయి. ఆవిడ అబద్ధమాడిందని నేననను, ఆవిడకు అలాగే గుర్తుంది. మా లెక్కలో మాత్రం ఆవిడ "మానలేదు" గడిలోనే ఉంది. మిగతావాళ్ల స్ట్రిప్పులు మేం చూడలేదు. అందుకే అసలు సంఖ్య 38 కంటే ఎక్కువే ఉంటుందని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు.

112 తక్కువ కదా, వెయ్యి మందిని అడిగితే సరిపోతుందా అని నిన్న ఒకరు అడిగారు. అమెరికాలో 1936 ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, లాండన్ గెలుస్తాడని చెప్పింది, గెలిచింది రూజ్‌వెల్ట్. ఆ పేర్లలో చాలా భాగం టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి తీసుకున్నవి, తిరిగి పంపింది కూడా కొందరే. మేం కూడా ఓపీలోనే కూర్చుని వెయ్యి మందిని అడిగితే ఇదే తప్పు పెద్దగా చేసినట్టవుతుంది.

అందుకే రెండో విడత ఇళ్లకే వెళ్తాం, కోతలు అయ్యి అందరూ తిరిగొచ్చాక, రిజిస్టర్‌లోంచి చీటీలు తీసి, జవాబుతో పాటు స్ట్రిప్పులో మాత్రలూ లెక్కపెడతాం. ఆశా అక్కలూ, మీరొక్క సాయం చేయాలి: మూడు నెలలుగా మందులకు రానివాళ్ల పేర్లు మీ ఊరి రిజిస్టర్ చూసి ఈ శనివారంలోగా మాకివ్వండి.

ఇక అడగండి, ముందు లెక్కల మీద అనుమానాలుంటే అవే అడగండి.