విషయం: గణిత ఉపాధ్యాయుల ఖాళీల గురించి విచారణ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మీ పాఠశాలలో వచ్చే జూన్ నుంచి హైస్కూలు తరగతులకు గణిత ఉపాధ్యాయుల ఖాళీ ఉందేమో, లేదా వేసవి సెలవుల్లో ఏర్పడే అవకాశం ఉందేమో తెలుసుకోవడానికి ఈ సందేశం పంపుతున్నాను. ప్రకటన ఏదీ చూసి రాయడం లేదు. పదో తరగతి పరీక్షలు ముగిసే రోజుల్లోనే పాఠశాలలు వచ్చే ఏటి స్టాఫ్‌ను ఖరారు చేసుకోవడం మామూలు కాబట్టి ముందుగా అడుగుతున్నాను.

నా బోధన పరిచయం ఒక్క వాక్యంలో: బీఎస్సీ ఎంపీసీ, కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి గణితం, భౌతికశాస్త్రం మెథడాలజీలతో బీఎడ్, టెట్ పేపర్-2లో 150కి 104 మార్కులు, 2019 నుంచి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లిష్ మీడియంలో రాష్ట్ర సిలబస్ గణిత బోధన.

ప్రస్తుతం హుజూరాబాద్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. మా వారికి కాజీపేటకు బదిలీ అయినందున కుటుంబం హనుమకొండకు మారుతోంది. ఉద్యోగం మారాలనుకోవడానికి వేరే కారణం లేదు. ఈ ఏప్రిల్ ఆఖరి పనిదినం వరకు ఇక్కడే ఉండి, వార్షిక పరీక్షల పేపర్లు దిద్ది, మార్కులు అప్పగించాకే వస్తానని మా యాజమాన్యానికి ఇప్పటికే తెలియజేశాను.

పదో తరగతి గణితం ఇప్పుడు ఒకే పేపరు, 80 మార్కులు, మూడు గంటలు అయినందున సిలబస్ మొత్తాన్ని గుర్తుపెట్టుకుని ఒకే విడతలో రాయాల్సి వస్తోంది. జవాబు తప్పినా పద్ధతికి మార్కులు పడేలా, లెక్కను ఒక్కో మెట్టు విడిగా రాయడం ఎనిమిదో తరగతి నుంచే అలవాటు చేస్తాను. నోట్సు దిద్దేటప్పుడు కేవలం టిక్కు పెట్టకుండా, తప్పు మొదలైన వరుస కింద గీత గీసి తిరిగిస్తాను. సరిచేసే పని విద్యార్థిదే. దీనికి సమయం పడుతుంది, కాబట్టి సెక్షన్‌కు నలభై మంది దాటితే వారానికి ఒక పీరియడ్ దిద్దుబాటుకు కేటాయించమని కోరుతాను.

త్రికోణమితి అనువర్తనాల పాఠాన్ని నల్లబల్లకే పరిమితం చేయకుండా, కోణమానినికి ఒక స్ట్రా అతికించి, దారానికి చిన్న రాయి కట్టి, పాఠశాల నీళ్ల ట్యాంకు ఎత్తును పిల్లలతోనే కొలిపిస్తాను. చాలామందికి మొదటిసారి ఎత్తు నాలుగైదు అడుగులు తక్కువే వస్తుంది, ఎందుకంటే నేల నుంచి తమ కంటి వరకు ఉన్న ఎత్తును కలపరు. పైనుంచి తాడు వదిలి కొలిచి చూపించాక, పటంలో ఆ చిన్న దీర్ఘచతురస్రాన్ని వాళ్లే గీసుకుంటారు. అయితే అన్ని పాఠాలకూ ఇలాంటి కృత్యాలు అవసరమని నేను అనుకోను; బహుపదులకు, వర్గ సమీకరణాలకు సాధన తప్ప దగ్గరి దారి లేదు.

అడగకముందే రెండు విషయాలు చెప్పడం సబబు. డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే నేను కూడా రాస్తాను. ప్రైవేటు బడిలో పనిచేసే శిక్షణ పొందిన ఉపాధ్యాయులలో రాయనివారు అరుదు. అయినా సెలవులు పెట్టి కోచింగ్‌కు వెళ్లను, ఎంపికైతే ఆ సంగతి అదే రోజు మీకు తెలియజేసి, ప్రభుత్వం చేరమన్న గడువులోపు నా పాఠాలను మరొకరికి అప్పగిస్తాను. రెండోది, సాయంత్రం ఆరు గంటల వరకు స్టడీ అవర్ చూడగలను గానీ, ఇంట్లో చిన్న పాప ఉన్నందున హాస్టల్ రాత్రి డ్యూటీ చేయలేను.

ఖాళీ ఉంటే డెమో క్లాసుకు సిద్ధంగా ఉన్నాను. తోటి ఉపాధ్యాయులు బెంచీల్లో కూర్చుని పిల్లల్లా ప్రశ్నలు వేయడం కన్నా, మీ తొమ్మిదో తరగతి విద్యార్థులకే ఒక పూర్తి పీరియడ్ చెప్పించి, ఆ మర్నాడు వాళ్లకు ఒక లెక్క ఇచ్చి చూస్తే నా బోధన మీకు బాగా అర్థమవుతుందని నా మనవి. పాఠం ఏదైనా మీ ఇష్టం. ధ్రువపత్రాల ఒరిజినల్స్ పరిశీలనకు తెచ్చి, జిరాక్స్ ప్రతులు మీ కార్యాలయానికి ఇస్తాను. ఒరిజినల్స్ మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. జీతం విషయం ముఖాముఖి మాట్లాడుకోవచ్చు.

గణితంలో ఖాళీ లేక, ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రానికి అవసరం ఉన్నా పరిశీలించగలను. పనిదినాల్లో సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారం ఏ వేళలోనైనా ఈ నంబరులోనే అందుబాటులో ఉంటాను. ప్రస్తుతం ఖాళీ లేదన్నా ఒక మాట తెలియజేస్తే, మరో చోట ప్రయత్నించుకుంటాను.

భవదీయురాలు,
కె. సుజాత
గణిత ఉపాధ్యాయురాలు, హుజూరాబాద్