ఫోన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్: జర్మన్ ఏ1 మాట్లాడే షీట్

ఇది ఇద్దరు కలిసి చేయాల్సిన షీట్. ఒకరు పేషెంట్, ఇంకొకరు క్లినిక్ రిసెప్షన్. వీపులు ఆనించి కూర్చోండి. ఫోన్‌లో అవతలి మనిషి ముఖం కనిపించదు కాబట్టి, ఇక్కడా కనిపించకూడదు. ఇది నోటితో చేసే పని. అందుకే జర్మన్ వాక్యాలు తెలుగు లిపిలో ఇచ్చాను. స్పెల్లింగ్ మీ పాఠ్యపుస్తకంలో చూసుకోండి.

చదివే ముందు మూడు శబ్దాలు. "జీ"లో జ, తెలుగు జ కాదు. తేనెటీగ చప్పుడులా పళ్ల మధ్య నుంచి రావాలి. "ఇహ్"లో చివరి హ గొంతులోంచి కాదు, నాలుక అంగిలికి దగ్గరగా పెట్టి గాలి వదిలితే వచ్చేది. "ఫ్యూర్"లో "యూ" కోసం పెదాలు "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల "ఈ" అనండి. మొదట్లో నవ్వొస్తుంది, నవ్వుకోండి.

సందర్భం

లావణ్య వేముల మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేస్తోంది. రెండు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. మన దగ్గరైతే నేరుగా వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని కూర్చుంటాం. అక్కడ ముందు ఫోన్ చేసి "టెర్మీన్" తీసుకోవాలి. మొదట వెళ్లేది హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గరికి, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ లాంటివారు. మంగళవారం ఉదయం ఎనిమిది దాటింది, లావణ్య ఫోన్ చేసింది.

సంభాషణ

రిసెప్షన్: హౌస్‌ఆర్ట్స్ట్‌ప్రాక్సిస్ డోక్టొర్ వేబర్, గూటెన్ మోర్గెన్. వాస్ కాన్ ఇహ్ ఫ్యూర్ జీ టూన్?
(డాక్టర్ వేబర్ క్లినిక్, శుభోదయం. చెప్పండి, ఏం కావాలి?)

లావణ్య: గూటెన్ మోర్గెన్. మైన్ నామె ఇస్ట్ లావణ్య వేముల. ఇహ్ హెట్టె గెర్న్ ఐనెన్ టెర్మీన్.
(శుభోదయం. నా పేరు లావణ్య వేముల. నాకు అపాయింట్‌మెంట్ కావాలండి.)

రిసెప్షన్: వారెన్ జీ షోన్ మాల్ బై ఉన్స్?
(ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారా?)

లావణ్య: ఎంట్‌షుల్డిగుంగ్, క్యోనెన్ జీ డాస్ బిట్టె లాంగ్‌జామ్ వీడర్‌హోలెన్?
(క్షమించండి, అది కొంచెం నెమ్మదిగా మళ్లీ చెప్తారా?)

రిసెప్షన్: యా, గెర్న్. జింట్ జీ నోయ్ బై ఉన్స్?
(తప్పకుండా. మీరు మాకు కొత్త పేషెంటా?)

లావణ్య: యా, ఇహ్ బిన్ నోయ్.
(అవును, కొత్తే.)

రిసెప్షన్: వీ ఇస్ట్ ఈర్ నాఖ్‌నామె? బూఖ్‌ష్టబీరెన్ జీ బిట్టె.
(మీ ఇంటిపేరు? అక్షరాలు చెప్పండి.)

లావణ్య: వేముల. ఫౌ వీ విక్టొర్, ఏ వీ ఏమిల్, ఎమ్ వీ మార్టా, ఊ వీ ఉల్రిహ్, ఎల్ వీ లూట్‌విహ్, ఆ వీ ఆంటోన్.

రిసెప్షన్: డాంకె. ఉంట్ ఈర్ గెబూర్ట్స్‌డాటుమ్, బిట్టె?
(థాంక్యూ. పుట్టిన తేదీ?)

లావణ్య: ఫీర్‌త్సేన్టర్ డ్రిట్టర్ త్స్వైటౌజెంట్‌ఐన్స్.
(14-3-2001.)

రిసెప్షన్: జింట్ జీ గెజెట్స్‌లిహ్ ఓడర్ ప్రివాట్ ఫెర్‌జిహెర్ట్?
(మీది పబ్లిక్ ఇన్సూరెన్సా, ప్రైవేటా?)

లావణ్య: గెజెట్స్‌లిహ్.

రిసెప్షన్: వాస్ ఫ్యూర్ బెష్వేర్డెన్ హాబెన్ జీ?
(ఏం ఇబ్బంది?)

లావణ్య: ఇహ్ హాబె జైట్ త్స్వై వోఖెన్ హూస్టెన్.
(రెండు వారాల నుంచి దగ్గు.)

రిసెప్షన్: హాబెన్ జీ ఔఖ్ ఫీబర్?
(జ్వరం కూడా ఉందా?)

లావణ్య: నైన్, ఇహ్ హాబె కైన్ ఫీబర్.
(లేదు, జ్వరం లేదు.)

రిసెప్షన్: ఆమ్ డొనర్స్‌టాక్ ఉమ్ హాల్ప్ త్సేన్ ఇస్ట్ నోఖ్ ఎట్వాస్ ఫ్రై. పాస్ట్ డాస్?
(గురువారం తొమ్మిదిన్నరకు ఖాళీ ఉంది. కుదురుతుందా?)

లావణ్య: హాల్ప్ త్సేన్... నోయ్న్ ఊర్ డ్రైసిహ్?
(అంటే తొమ్మిది ముప్పై?)

రిసెప్షన్: గెనౌ.
(అవును, అంతే.)

లావణ్య: డా కాన్ ఇహ్ లైడర్ నిహ్ట్. ఇహ్ హాబె ఫోర్‌లేజుంగ్. గేట్ ఎస్ ఔఖ్ ఆమ్ ఫ్రైటాక్?
(అప్పుడు కుదరదండీ, నాకు క్లాసు ఉంది. శుక్రవారం వీలవుతుందా?)

రిసెప్షన్: మొమెంట్ బిట్టె. ఫ్రైటాక్, ఫిర్టెల్ త్స్వ్యోల్ఫ్?

లావణ్య: ఎంట్‌షుల్డిగుంగ్, వీ ఫీల్ ఊర్ ఇస్ట్ డాస్?
(క్షమించండి, అంటే ఎన్ని గంటలకు?)

రిసెప్షన్: ఎల్ఫ్ ఊర్ ఫ్యూన్ఫ్‌త్సేన్.
(పదకొండు పదిహేను.)

లావణ్య: యా, డాస్ పాస్ట్. వాస్ జోల్ ఇహ్ మిట్‌బ్రింగెన్?
(సరే, కుదురుతుంది. ఏం తీసుకురావాలి?)

రిసెప్షన్: ఈరె ఫెర్‌జిహెర్టెన్‌కార్టె. ఉంట్ కొమెన్ జీ బిట్టె త్సేన్ మినూటెన్ ఫ్ర్యూయర్.
(మీ ఇన్సూరెన్స్ కార్డు. ఒక పది నిమిషాలు ముందే రండి.)

లావణ్య: ఆల్జో ఫ్రైటాక్, ఎల్ఫ్ ఊర్ ఫ్యూన్ఫ్‌త్సేన్. ఫీలెన్ డాంక్. ఔఫ్ వీడర్‌హ్యోరెన్.
(అయితే శుక్రవారం, పదకొండు పదిహేను. చాలా థాంక్స్. ఉంటానండి.)

రిసెప్షన్: ఔఫ్ వీడర్‌హ్యోరెన్, ఫ్రౌ వేముల. గూటె బెస్సెరుంగ్!
(ఉంటానండి వేముల గారూ. త్వరగా తగ్గాలి!)

టైమ్ దగ్గర ఆగండి

ఈ షీట్‌లో ఎక్కువ సమయం ఇక్కడే గడపాలి. మిగతా వాక్యాల్లో తప్పు దొర్లినా పని అవుతుంది. టైమ్ తప్పు వింటే డాక్టర్ దొరకరు.

తెలుగులో తొమ్మిదిన్నర అంటే తొమ్మిది అయ్యాక ఇంకో అర. మనం దాటిన గంటను చెప్తాం. జర్మన్ రాబోయే గంటను చెప్తుంది. "హాల్ప్ త్సేన్" అంటే పది వైపు సగం దూరం వచ్చామని, అంటే 9:30. పదిన్నర అనుకుంటే గంట ఆలస్యం. నా ప్రతి బ్యాచ్‌లో కనీసం ఒకరు ఇక్కడ పడతారు, మొదటి ఏడాది నేనూ పడ్డాను.

"ఫిర్టెల్ త్స్వ్యోల్ఫ్" మీ పుస్తకంలో ఉండకపోవచ్చు. పుస్తకం 11:15కు "ఫిర్టెల్ నాఖ్ ఎల్ఫ్" అని నేర్పుతుంది, అంటే మన పదకొండుంబావు. మాగ్డెబుర్గ్, లైప్‌జిగ్, కెమ్నిట్జ్ వైపు మాత్రం పన్నెండులో పావు వంతు అయిందనే లెక్కలో "ఫిర్టెల్ త్స్వ్యోల్ఫ్" అంటారు. 11:45 అయితే "డ్రైఫిర్టెల్ త్స్వ్యోల్ఫ్", పన్నెండులో ముప్పావు. దీనికి మందు ఒక్కటే, లావణ్య చేసిందే. ఏ లెక్కలో చెప్పినా "ఎల్ఫ్ ఊర్ ఫ్యూన్ఫ్‌త్సేన్" అని గడియారం అంకెల్లో తిరిగి చెప్పి, "గెనౌ" అనిపించుకోండి.

రెండంకెల సంఖ్యలూ తిరగబడతాయి. ఇరవై ఒకటి కాదు, ఒకటీ-ఇరవై: ఐన్‌ఉంట్‌త్స్వాన్‌త్సిహ్. ఫోన్‌లో "త్స్వై", "డ్రై" ఒకేలా వినబడతాయని రెండును "త్స్వో" అంటారు. కొత్త పదం అనుకుని కంగారు పడొద్దు.

ఇంటిపేరు అక్షరాలు

వేముల అని మీరు చక్కగా పలికితే, విన్న జర్మన్ చెయ్యి "వే" అనే అక్షరం రాస్తుంది, అంటే ఇంగ్లిష్ డబ్ల్యూ. మీ పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఇంగ్లిష్ వీ, దాని జర్మన్ పేరు "ఫౌ". కార్డు మీద ఒక పేరు, కంప్యూటర్‌లో ఇంకో పేరు అవుతుంది. మరో చిక్కు: ఇంగ్లిష్ "ఈ"ని జర్మన్‌లో "ఏ" అంటారు, ఇంగ్లిష్ ఐని "ఈ" అంటారు, ఇంగ్లిష్ ఏని "ఆ" అంటారు. అలవాటు కొద్దీ ఇంగ్లిష్‌లో చెప్తే పేరు మొత్తం మారిపోతుంది. అందుకే "వీ ఏమిల్", "వీ ఆంటోన్" అని పక్కన ఒక పదం కలుపుతారు. ఇక్కడ "వీ" అంటే "లాగా".

మీ ఇంటిపేరు ఇలాగే ఇప్పుడే పైకి ఐదుసార్లు చెప్పండి. నాఖ్‌నామె అంటే ఇంటిపేరు, ఫోర్‌నామె అంటే మీ పేరు. పాస్‌పోర్ట్‌లో ఏది ఎక్కడుందో చూసి, అలాగే చెప్పండి.

ఇంకో రెండు మాటలు. "ఇహ్ విల్" అంటే నాకు కావాలి అని గట్టిగా అడిగినట్టు, "ఇహ్ హెట్టె గెర్న్" మర్యాద. ఫోన్ పెట్టేటప్పుడు "ఔఫ్ వీడర్‌జేన్" అనరు, ఎందుకంటే అది మళ్లీ చూద్దాం అని. చూడటం లేదుగా, వింటున్నాం. అందుకే "ఔఫ్ వీడర్‌హ్యోరెన్".

చూడకుండా జవాబు చెప్పండి

1. లావణ్యకు ఎన్నాళ్ల నుంచి దగ్గు?
2. గురువారం ఎందుకు వద్దంది?
3. శుక్రవారం క్లినిక్‌కు ఎన్ని గంటలకల్లా చేరాలి?
4. వెంట ఏం తీసుకెళ్లాలి?

ఇప్పుడు మీ వంతు

పేషెంట్ కార్డు: మీరు శ్రీకాంత్ బండారి. అక్షరాలు: బెర్టా, ఆంటోన్, నోర్ట్‌పోల్, డోరా, ఆంటోన్, రిహార్ట్, ఈడా. పుట్టిన తేదీ 7-11-1999. వారం నుంచి నడుం నొప్పి: "ఇహ్ హాబె జైట్ ఐనర్ వోఖె ర్యూకెన్‌ష్మెర్త్సెన్." ఇన్సూరెన్స్ గెజెట్స్‌లిహ్. మీకు సోమవారం ఉదయం, బుధవారం ఉదయం మాత్రమే ఖాళీ.

రిసెప్షన్ కార్డు: ఖాళీలు మూడే. సోమవారం "ఉమ్ డ్రై ఊర్" మధ్యాహ్నం, మంగళవారం "డ్రైఫిర్టెల్ నోయ్న్", బుధవారం "హాల్ప్ ఎల్ఫ్". ఈ వరుసలోనే చెప్పండి, అంకెల్లోకి మార్చి సాయం చేయొద్దు. పేషెంట్ తిరిగి అడిగితేనే చెప్పండి.

కార్డులు మార్చుకుని రెండో రౌండ్. శ్రీకాంత్ రాలేకపోతున్నాడు, ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకుండా మానేయడం అక్కడ బాగోదు, కొన్ని క్లినిక్‌లు డబ్బు కూడా అడుగుతాయి.

శ్రీకాంత్: గూటెన్ టాక్, హియర్ ఇస్ట్ శ్రీకాంత్ బండారి. ఇహ్ హాబె ఆమ్ మిట్వోఖ్ ఉమ్ హాల్ప్ ఎల్ఫ్ ఐనెన్ టెర్మీన్. ఇహ్ ముస్ డేన్ టెర్మీన్ లైడర్ ఆప్‌జాగెన్.
(బుధవారం నాకు అపాయింట్‌మెంట్ ఉంది. అది రద్దు చేసుకోవాల్సి వస్తోందండీ.)

రిసెప్షన్: మ్యోహ్టెన్ జీ ఐనెన్ నోయెన్ టెర్మీన్?
(కొత్తది కావాలా?)

శ్రీకాంత్: యా, బిట్టె. నేహ్‌స్టె వోఖె.
(అవునండీ, వచ్చే వారం.)

ఇక్కడి నుంచి మీరే కొనసాగించండి. రోజు, టైమ్ మీ ఇష్టం, కానీ ఒక్కసారైనా "హాల్ప్" రావాలి.

ఫోన్ పక్కన రాసి పెట్టుకోవాల్సిన నంబర్లు రెండు. క్లినిక్‌లు మూసి ఉన్నప్పుడు డాక్టర్ కోసం 116117. ప్రాణం మీదికి వస్తే టెర్మీన్ ఏమీ అక్కర్లేదు, నేరుగా 112.

జవాబులు

1. రెండు వారాలు. 2. క్లాసు ఉంది. 3. 11:05, పది నిమిషాలు ముందు రమ్మన్నారు కదా. 4. ఇన్సూరెన్స్ కార్డు. శ్రీకాంత్‌కు కుదిరేది బుధవారం 10:30. మీరు 11:30 రాసి ఉంటే టైమ్ భాగం మళ్లీ చదవండి.