త్రీ ఫేజ్ విద్యుత్తు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి: లెక్కతో కూడిన పాఠ్య పత్రం

ఈ పత్రం పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం విద్యార్థుల కోసం తయారు చేసినది. లెక్కకు కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయానికి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకున్నాం. దాని నేమ్‌ప్లేటు మీద ఉన్న వివరాలు ఇవి: 160 కె.వి.ఎ., 11,000/433 వోల్టులు, 50 హెర్ట్జ్, వెక్టర్ గ్రూపు Dyn11. మన కాలనీల్లో దిమ్మె మీద, కంచె లోపల కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటి నేమ్‌ప్లేటు ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మూడు ఫేజులు ఎందుకు

ఆల్టర్నేటర్‌లోని మూడు వైండింగులను ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో అమర్చినందువల్ల, వాటిలో పుట్టే మూడు వోల్టేజీలు పరిమాణంలో సమానంగా ఉంటూ, ఒకదాని తరువాత ఒకటి మూడో వంతు సైకిలు ఆలస్యంగా శిఖరానికి చేరతాయి. వీటినే మనం ఆర్, వై, బి ఫేజులు అంటున్నాం. సింగిల్ ఫేజులో పవర్ ప్రవాహం ఒకే తీరుగా ఉండదు; 50 హెర్ట్జ్ సప్లైలో అది సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మూడు ఫేజుల మీద లోడ్ సమానంగా ఉన్నప్పుడు ఒక ఫేజులోని తగ్గుదలను మిగిలిన రెండూ ప్రతి క్షణం పూరిస్తాయి కనుక మొత్తం పవర్ స్థిరంగా ఉంటుంది. లిఫ్టు మోటారైనా, బోరు మోటారైనా త్రీ ఫేజు మీద అదురు లేకుండా తిరగడానికి ఇదే కారణం.

తీగ ఖర్చులోనూ తేడా ఉంది. 90 కిలోవాట్ల లోడ్‌ను 0.9 పవర్ ఫ్యాక్టరుతో, 250 వోల్టుల సింగిల్ ఫేజు మీద ఇవ్వాలంటే వెళ్లే తీగలోనూ, తిరిగి వచ్చే తీగలోనూ 400 ఆంపియర్లు ప్రవహించాలి. అదే లోడ్‌ను మూడు ఫేజులకు సమానంగా పంచితే ఒక్కో ఫేజు తీగలో సుమారు 133 ఆంపియర్లే ఉంటాయి. తిరిగి వచ్చే మూడు కరెంట్ల మొత్తం సున్నా కావడంతో న్యూట్రల్‌లో కరెంటు ఉండదు. న్యూట్రల్‌ను పక్కన పెట్టి చూస్తే కావలసిన లోహం సగానికి తగ్గుతుంది.

ఈ సౌఖ్యమంతా లోడ్ సమానంగా ఉన్నంతవరకే. వేసవిలో ఏసీలు ఎక్కువగా ఒకే ఫేజు మీద పడి, ఆర్ ఫేజులో 160, వై, బి ఫేజులలో 120 చొప్పున ఆంపియర్లు ఒకే పవర్ ఫ్యాక్టరుతో వస్తే న్యూట్రల్‌లో 40 ఆంపియర్లు ప్రవహిస్తాయి. న్యూట్రల్ కనెక్షన్ సరిగ్గా బిగించి ఉండాలని లైన్‌మెన్లు పట్టుబట్టడం ఊరికే కాదు: అసమాన లోడ్ ఉండగా అది ఊడితే ఒక ఫేజు ఇళ్లలో వోల్టేజీ పడిపోయి, మరో ఫేజు ఇళ్లలో ప్రమాదకరంగా పెరుగుతుంది.

రెండు వోల్టేజీలు, రెండు కరెంట్లు

ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిచేది ఫేజు వోల్టేజీ. రెండు ఫేజుల మధ్య కొలిచేది లైను వోల్టేజీ. 120 డిగ్రీల ఎడంలో ఉన్న రెండు సమాన వెక్టర్ల తేడా 2 × V × sin 60°, అంటే √3 V అవుతుంది. అందువల్ల:

స్టార్‌లో: V_L = √3 × V_ph, I_L = I_ph

డెల్టాలో: V_L = V_ph, I_L = √3 × I_ph

కనెక్షన్ ఏదైనా మొత్తం పవర్: P = √3 × V_L × I_L × cos φ

నేమ్‌ప్లేటు మీద ఉండేవన్నీ లైను విలువలే. ఈ మాట గుర్తుంటే ముందు రాబోయే లెక్కలో సగం కష్టం తీరినట్టే.

చుట్ల నిష్పత్తి

ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు వైండింగులను ఛేదించే కోరు ఫ్లక్సు ఒకటే కనుక, హెచ్‌టీ వైపు ఒక చుట్టులో ఎన్ని వోల్టులు పుడతాయో ఎల్‌టీ వైపు ఒక చుట్టులోనూ అన్నే పుడతాయి. దీన్ని చుట్టుకు వోల్టులు అంటారు. కాబట్టి చుట్ల నిష్పత్తి కోరులోని ఒకే లింబు మీద ఉన్న రెండు వైండింగుల వోల్టేజీల నిష్పత్తి, అనగా ఫేజు వోల్టేజీల నిష్పత్తి మాత్రమే.

ప్రతి బ్యాచ్‌లోనూ కొందరు 11,000ను 433తో భాగించి 25.4 అని రాస్తారు. అది లైను వోల్టేజీల నిష్పత్తి. Dyn11లో పెద్ద అక్షరం D హెచ్‌టీ వైపు డెల్టాను, y ఎల్‌టీ వైపు స్టార్‌ను, n బయటకు తెచ్చిన న్యూట్రల్‌ను, 11 అనే అంకె ఎల్‌టీ వోల్టేజీ హెచ్‌టీ కంటే 30 డిగ్రీలు ముందుండడాన్ని తెలుపుతాయి. డెల్టా వైండింగు మీద పూర్తి 11,000 వోల్టులూ పడతాయి. స్టార్ వైండింగు మీద 433లో √3వ వంతు మాత్రమే ఉంటుంది.

లెక్క

ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టాలు, వోల్టేజీ తగ్గుదల లేవని అనుకుందాం. ఎల్‌టీ వైపు ఫేజుకు 50 చుట్లు ఉన్నాయి. సముదాయం తీసుకునే లోడ్ 90 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టరు 0.9 ల్యాగింగ్, మూడు ఫేజులూ సమానం.

ఎల్‌టీ ఫేజు వోల్టేజీ = 433 ÷ √3 = 250 వోల్టులు

చుట్ల నిష్పత్తి = 11,000 ÷ 250 = 44

హెచ్‌టీ చుట్లు = 44 × 50 = 2,200

చుట్టుకు వోల్టులు = 250 ÷ 50 = 5

E = 4.44 × f × Φ × N ప్రకారం కోరులోని గరిష్ఠ ఫ్లక్సు 5 ÷ (4.44 × 50) = 0.0225 వెబర్. ఫ్లక్సు సాంద్రత 1.5 టెస్లా అనుకుంటే కోరు అడ్డుకోత వైశాల్యం దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు ఉండాలి.

ఎల్‌టీ లైను కరెంటు = 90,000 ÷ (√3 × 433 × 0.9) = 133.3 ఆంపియర్లు

హెచ్‌టీ వైండింగులో కరెంటు = 133.3 ÷ 44 = 3.03 ఆంపియర్లు

హెచ్‌టీ లైను కరెంటు = √3 × 3.03 = 5.25 ఆంపియర్లు

సరిచూడడానికి హెచ్‌టీ వైపు పవర్ కట్టండి: √3 × 11,000 × 5.25 × 0.9, అంటే 90 కిలోవాట్లు. ఎల్‌టీ వైపు 133 ఆంపియర్లు లాగే సముదాయానికి హెచ్‌జీ ఫ్యూజు తీగలో ప్రవహించేది అయిదుంపావు ఆంపియర్లే. ఆ తీగ అంత సన్నగా ఎందుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది. పూర్తి లోడ్‌లో, అంటే 160 కె.వి.ఎ. వద్ద, ఎల్‌టీ కరెంటు 213.3, హెచ్‌టీ లైను కరెంటు 8.4 ఆంపియర్లు.

నిజమైన ట్రాన్స్‌ఫార్మర్‌లో లోడ్ పెరిగేకొద్దీ లోపలి ఇంపిడెన్సు వల్ల ఎల్‌టీ వోల్టేజీ తగ్గుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 433 వోల్టులు ఉంచితే, లోడ్ పడ్డాక 415 ప్రాంతంలో నిలుస్తుంది. లైను చివర హెచ్‌టీ వోల్టేజీయే 10,450కి దిగిపోతే ఎల్‌టీ ఫేజు వోల్టేజీ ఖాళీగా ఉన్నప్పుడే 237.5 అవుతుంది. ట్యాప్ స్విచ్ ఉన్న యూనిట్లలో హెచ్‌టీ చుట్లను 5 శాతం తగ్గించి 2,090 చేస్తే చుట్టుకు వోల్టులు మళ్లీ 5కు, ఫేజు వోల్టేజీ 250కి చేరతాయి. ఇది ఆఫ్ సర్క్యూట్ ట్యాప్ కనుక ఏబీ స్విచ్ తెరిచి, రెండు వైపులా సప్లై లేదని పరీక్షించి, ఎర్త్ చేసిన తరువాతే దాన్ని కదపాలి.

అభ్యాసం

ఇవే వోల్టేజీలతో, ఇదే ఎల్‌టీ వైండింగుతో స్టార్–స్టార్ కనెక్షన్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు హెచ్‌టీ వైపు ఫేజుకు ఎన్ని చుట్లు కావాలి? అదే లోడ్‌కు హెచ్‌టీ వైండింగు కరెంటు ఎంత? జవాబు: హెచ్‌టీ ఫేజు వోల్టేజీ 6,351 వోల్టులు, చుట్లు సుమారు 1,270, కరెంటు 5.25 ఆంపియర్లు. ఈ కనెక్షన్‌లో 25.4 సరైన చుట్ల నిష్పత్తే. ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.