జంపఖానా మెచ్చుకున్న దోస్తుకు

థాంక్స్ రా. పొద్దున్నే నీ మెసేజ్ చూసి మనసు నిండిపోయింది. అమ్మకు కూడా చదివి వినిపించాను.

అంచు దగ్గర ఎరుపు, నీలం కలిసిన తీరు బాగుందన్నావు చూడు, ఆ జానెడు నేతకే నాకు నాలుగు రోజులు పట్టింది. రెండుసార్లు పోగులు ఊడదీసి మళ్లీ నేశాను. కొత్తవాడలో ఇన్ని మగ్గాల మధ్య పెరిగినా, ఇది నా సొంత డిజైన్ అని చెప్పుకోవడం ఇదే మొదటిసారి. అవును రా, నాకూ అది బాగా కుదిరిందనే అనిపించింది. నీ కన్ను సరిగ్గా అక్కడే ఆగినందుకు చాలా సంతోషంగా ఉంది.

ఆదివారం హన్మకొండ నుంచి ఇటు రా. ఫొటోలో చూసింది చాలదు, చేత్తో తడిమి చూడాలి. చాయ్ తాగుతూ కూర్చుందాం.