పన్నెండో పెళ్లిరోజు కూపన్ల పుస్తకం

శ్రీమతి గారికి, 22 ఫిబ్రవరి 2026, ఆదివారం
చెల్లుబాటు: వచ్చే పెళ్లిరోజు ముందు రాత్రి వరకు

నువ్వు నోరు తెరిచి అడగవు. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెడతావు, అంతే. అందుకే ఈ పుస్తకంలో ‘నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు’ అని ఎక్కడా రాయలేదు. రోజు, వేళ, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అన్నీ రాశాను.

వాడే పద్ధతి: కూపన్ చింపి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టు. మాట్లాడనక్కరలేదు. చూసిన వెంటనే వెనక సంతకం పెడతాను. ‘ఇవాళేనా?’, ‘అది ఎక్కడుంది?’, ‘ఇది ఎలా చేస్తారు?’ అనే మూడు ప్రశ్నలు నాకు నిషిద్ధం. అడిగితే అదే కూపన్ ఇంకోసారి వాడుకోవచ్చు. అమ్మకు ముందే అన్నీ చెప్పాను. ‘అబ్బాయి చేత చేయిస్తోంది’ అనే మాట రాదు, వస్తే సమాధానం చెప్పుకోవలసింది నేను.

కూపన్ 1: ఆదివారం నిద్ర (నాలుగు చీటీలు)

ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు పడకగది తలుపు మూసి ఉంటుంది. పాల ప్యాకెట్లు తీసుకోవడం, నీళ్ల మోటారు వేసి ట్యాంకు నిండగానే ఆపడం, పనిమనిషికి తలుపు తీయడం, పాపకు పాలు, అమ్మకు మాత్ర అన్నీ నావి. నీ ఫోను హాల్లో నా దగ్గర ఉంటుంది. డికాక్షన్ ముందు రాత్రే వేసి పెడతాను, కానీ కాఫీ నువ్వు లేచి బయటికి వచ్చాకే కలుపుతాను. కాఫీ తెచ్చి లేపడం కూడా లేపడమే కదా.

మొదటి చీటీ మార్చి 1న దానంతట అదే చెల్లుతుంది. ఫ్రిజ్ మీద పెట్టనక్కరలేదు.

కూపన్ 2: ఇడ్లీ పిండి (ఆరు శనివారాలు)

మధ్యాహ్నం ఒక గ్లాసు మినపగుళ్లు నానబెట్టడం, సాయంత్రం రుబ్బడం, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలపడం, పొంగి పొర్లకుండా పెద్ద గిన్నెలోకి తీయడం. గ్రైండర్ రాళ్లు, డ్రమ్ము, గట్టు మీద చిందిన పిండి అదే రాత్రి కడగడం కూడా ఇందులోనే. రుబ్బి గ్రైండర్ సింకులో వదిలేస్తే పని సగమే అయినట్టు. ఆ శనివారం లెక్కలోకి రాదు.

కూపన్ 3: పేపర్లు దిద్దే సాయంత్రాలు (పరీక్షకు రెండేసి, ఏడాదికి మూడు పరీక్షలు)

నీ పేపర్ల కట్ట ఇంటికి వచ్చిన రోజు భోజనాల బల్ల సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా నీది. మేం ముగ్గురం హాల్లో తింటాం. వంట నాది, పాప హోంవర్కు నాది, టీవీ బంద్. ఎనిమిదింటికి నీ పక్కన కంచం పెట్టి వెళ్తాను. దిద్దడం, మార్కులు కూడడం నీ పని, అందులో వేలు పెట్టను.

కూపన్ 4: రాజమండ్రి, ఒక్కదానివే

ఇది పెద్ద కూపన్, కాబట్టి నీ చేతికి వదలడం లేదు. మే 8 శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్, లింగంపల్లి నుంచి. తిరుగు ప్రయాణం మే 17 రాత్రి. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు కనుక వెళ్లే టికెట్ మార్చి 9న, వచ్చేది మార్చి 18న, ఉదయం ఎనిమిదింటికి నేనే కూర్చుని తీస్తాను. కింది బెర్తు కోసం ప్రయత్నం నాది. రాజమండ్రి స్టేషన్‌కు మీ తమ్ముడు వస్తానన్నాడు.

పాప నా దగ్గరే ఉంటుంది. నాకు ఆ వారం సెలవు మంజూరయింది. ఆఫీసుకు వెళ్తూ నీకు ఫోన్లు చేయడం ఉండదు. రోజుకు ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి పాప మాట్లాడుతుంది. మిక్సీ మూత ఎక్కడుందని ఎవరూ అడగరు.

ఒకే షరతు. వెళ్లే ముందు రోజు రాత్రి పదకొండు దాకా నిలబడి మాకు పప్పులపొడి, పచ్చడి, పులిహోర గుజ్జు చేసి డబ్బాల మీద పేర్లు రాసి ఫ్రిజ్‌లో పేర్చకూడదు. నీ సంగతి నాకు తెలుసు. ఒక్క డబ్బా కనిపించినా కూపన్ రద్దవదు గానీ, దాన్ని నీ సంచీలోనే పెట్టి రాజమండ్రి పంపిస్తాను.

కూపన్ 5: ఆవకాయ కూలీ

ఏప్రిల్ 26 ఆదివారం. ఉదయం ఆరున్నరకు కూకట్‌పల్లి రైతుబజారు, నువ్వు కాయ ఎంచు, మిగతాది నేను. టెంక గట్టిపడిన పుల్లకాయ తప్ప ఇంకోటి కొనను. అక్కడే కత్తిపీట మీద ముక్కలు కొట్టించి తెస్తాను. ఇంటికి వచ్చాక జీడి తీయడం, టెంకకు అంటుకున్న ఆ పలుచటి పొర ముక్కముక్కకూ ఒలవడం, పొడిగుడ్డతో తుడవడం. ఇక్కడే నడుములు పడిపోయేది. అది పూర్తిగా నాది. జాడీ ముందు రోజే కడిగి ఎండలో పెడతాను.

ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు నీవి. కలిపే చెయ్యి నీది, ఎందుకంటే మీ అమ్మ చేతి రుచి నాకు రాదు, రావాలని ఆశ కూడా లేదు. వాసెన కట్టడం, మూడో రోజు తిరగకలపమని నీకు గుర్తుచేయడం, నువ్వుల నూనె పైకి తేలిందా లేదా చూడటం మళ్లీ నావి. చివర్లో ఆ పళ్లెంలో వేడన్నం కలిపి మొదటి ముద్ద నీకే.

కూపన్ 6: ఫంక్షనుకు నేనొక్కడినే (రెండు)

పెళ్లి, గృహప్రవేశం, ఓణీల వేడుక, ఏదైనా సరే. మా వైపు వాళ్లదైనా సరే. నేను వెళ్తాను, చదివింపులు చదివిస్తాను, భోంచేసి వస్తాను. ‘ఆవిడ రాలేదా?’ అంటే ‘రాలేదండీ’ అంటాను. జ్వరం, తలనొప్పి, స్కూల్లో పని వగైరా అబద్ధాలు చెప్పను. దానివల్ల తర్వాత పది మంది ఫోన్లు చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగేది నిన్నే.

కూపన్ 7: అబిడ్స్ ఆదివారం

ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కోసం. మెట్రోలో నాంపల్లి దాకా, అక్కడి నుంచి నడక. మూడు గంటలు నువ్వు ఒక్కొక్క కుప్ప దగ్గరా కూర్చో. సంచీ నేను మోస్తాను, పాపకు ఆకలేస్తే నేను చూసుకుంటాను. ‘ఇంట్లో ఉన్నవి చదివావా?’ అని అనను. జూన్‌లో వానలు మొదలైతే పుస్తకాలు పరవరు కనుక గడువు మే 31. ఏప్రిల్ మొదటి వారానికి ఫ్రిజ్ మీదికి రాకపోతే ఏప్రిల్ 12న నేనే చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడతాను.

కూపన్ 8: రెండో సొరుగు

వంటింట్లో ఇరుక్కుపోయే ఆ సొరుగు. మార్చి 15లోగా. వడ్రంగిని పిలవడం, అతను వచ్చేదాకా ఫోన్లు చేయడం, వచ్చినప్పుడు ఇంట్లో ఉండటం, తర్వాత రంపపు పొట్టు ఊడవడం నా బాధ్యత.

కూపన్ 9: పాదాలకు నూనె (పన్నెండు)

పేరెంట్స్ మీటింగ్ రోజుల్లోనూ, నువ్వు ఏడు పీరియడ్లు నిలబడ్డ రోజుల్లోనూ. రాత్రి తొమ్మిదిన్నరకు, ఇరవై నిమిషాలు, గోరువెచ్చటి నువ్వుల నూనె. నా ఫోను వేరే గదిలో. ఈ ఒక్కదానికి ఫ్రిజ్ అక్కరలేదు, నూనె గిన్నె నా వైపు జరిపితే చాలు. నువ్వు నిద్రపోతే ఆపను, పాత తువ్వాలుతో తుడిచి దీపం తీసేస్తాను.

ఈ పుస్తకం ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. మీ అక్క అడిగినా సరే.

జూన్ 1న, సెప్టెంబర్ 1న, డిసెంబర్ 1న మిగిలిన చీటీలు లెక్కపెడతాను. సగం కంటే ఎక్కువ మిగిలితే తేదీలు నేనే వేసి క్యాలెండర్ మీద రాస్తాను.

సంతకం: మీ ఆయన
సాక్షి: పాప (రంగు పెన్సిల్‌తో పెట్టింది, కాస్త వంకరగా వచ్చింది)