సింధూకి, అల్మారా తలుపుకి లోపలివైపు అంటించుకోవడానికి

సింధూ తల్లీ,

నిన్న వీడియో కాల్‌లో మాట్లాడినంతసేపూ నుదుటి మీదకి జుట్టు లాక్కుంటూనే ఉన్నావు. పెళ్లిలో ఎవరో "పిల్ల ఇలా నల్లబడిపోయిందేమే" అన్నారట కదా, అక్క చెప్పింది. అప్పటి నుంచి రోజుకి ఐదారుసార్లు సబ్బుతో ముఖం కడుగుతున్నావనీ, నిమ్మచెక్క రుద్దుతున్నావనీ కూడా చెప్పింది. పన్నెండేళ్లుగా స్కిన్ ఓపీలో నర్సుగా పనిచేస్తున్న పిన్నిని నేనుండగా నువ్విలా బాధపడటం నాకు నచ్చలేదు. అందుకే రాస్తున్నాను.

ముందొక మాట. నీది మీ నాన్న రంగు. అది ఏ క్రీముకీ మారదు, మారక్కర్లేదు కూడా. మొటిమలు తగ్గాక మిగిలిన గోధుమరంగు మచ్చలు, సైకిల్ తొక్కడం వల్ల ముక్కు మీద, బుగ్గల మీద పట్టిన ఎండ నలుపు, సబ్బు వల్ల వచ్చిన పొడి, మనం చూసుకోవాల్సింది ఈ మూడే. దానికి ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్ చాలు. మామయ్యతో మూడూ పంపిస్తున్నాను.

పొద్దున, స్నానం చేసేటప్పుడు

ముందు చేతులు కడుక్కో. ముఖం తడిపి, బఠాణీ గింజంత ఫేస్‌వాష్ అరచేతిలో నురగ చేసి, వేళ్ల చివర్లతో అర నిమిషం మెల్లగా తిప్పు. ముక్కు పక్కల సందులు, జుట్టు మొదలయ్యే అంచు మర్చిపోకు. నురగ మిగిలిపోయేది అక్కడే. తర్వాత మెత్తటి టవల్‌తో అద్దుకో, రుద్దకు. విజయవాడ ఎండలకి మీ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి సలసల కాగిపోతుంటాయి. ఆ నీళ్లతో ముఖం కడగకు, బకెట్లో పట్టి చల్లారనివ్వు.

ఒంటి సబ్బు ముఖానికి ఎందుకు వద్దంటే, మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది. దాంతో పదేపదే కడిగితే ఆ పొర దెబ్బతిని ముఖం బిగుసుకుపోతుంది, మంటపుడుతుంది. కడిగాక బిగుతుగా అనిపిస్తే శుభ్రమైనట్టు కాదు, ఎక్కువ కడిగినట్టు. రోజుకి రెండుసార్లు చాలు. బాగా చెమట పడితే ఇంకోసారి.

ముఖం కాస్త తడిగా ఉండగానే చిక్కుడు గింజంత మాయిశ్చరైజర్ రాయి. "నాది జిడ్డు ముఖం, నాకెందుకు పిన్నీ" అంటావని తెలుసు. జిడ్డు వేరు, తేమ వేరు. ముఖం జిడ్డుగా ఉన్నా లోపల తేమ తక్కువ ఉండొచ్చు. నేను పంపింది జెల్‌లా ఉంటుంది, అంటుకోదు. ట్యూబు మీద "నాన్ కామెడోజెనిక్" అని ఉంటుంది చూడు, అంటే రంధ్రాలు మూసుకుపోకుండా తయారుచేసిందని. తర్వాత నీకు నువ్వు కొనుక్కున్నా ఆ మాట ఉన్నదే కొనుక్కో.

సన్‌స్క్రీన్

మూడింట్లో నువ్వు మానేసేది ఇదే, నీకు అన్నిటికన్నా అవసరమైనదీ ఇదే. మొటిమ మానిన చోట చర్మం ఎక్కువ రంగు తయారుచేస్తుంది. దాని మీద ఎండ పడితే మచ్చ ఇంకా ముదురుతుంది, పోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. రాత్రి ఏం రాసినా పగలు ఎండకి వదిలేస్తే లాభం లేదు.

ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండాలి. ఎస్‌పీఎఫ్ చర్మాన్ని కమిలించే కిరణాల సంగతి చెబుతుంది, పీఏ అనేది లోతుకి వెళ్లి నల్లబరిచే కిరణాల సంగతి. చూపుడువేలు, మధ్యవేలు మీద మొదలు నుంచి చివరిదాకా రెండు గీతలు పిండు. ముఖానికీ మెడకీ కలిపి అంత పడుతుంది. ఎక్కువనిపిస్తుంది, కానీ అందులో సగం రాస్తే డబ్బా మీద రాసినంత రక్షణ రాదు. 50 గ్రాముల ట్యూబు రోజూ రాస్తే నెలన్నరకి మించి రాకూడదు. ఆరు నెలలు వచ్చిందంటే నువ్వు రాయట్లేదని అర్థం. అయిపోగానే నాకు ఫోన్ చెయ్యి, ఖర్చు గురించి ఆలోచించకు.

ఒకేసారి పూసి రుద్దేయకుండా చుక్కలు చుక్కలుగా పెట్టి పరుచుకో. చెవులు మర్చిపోకు. రెండు జడలు వేసుకుంటావు కాబట్టి మెడ వెనక కూడా రాయాలి. ఇంట్లోంచి బయల్దేరే పావుగంట ముందు రాసుకో, టిఫిన్ తినేలోపు సర్దుకుంటుంది. మబ్బు పట్టినా రాయాలి, క్లాసులో కిటికీ పక్కన కూర్చున్నా రాయాలి, నల్లబరిచే కిరణాలు గాజులోంచి కూడా వస్తాయి. సాయంత్రం ట్యూషన్‌కి సైకిల్ ఎక్కే ముందు రుమాలుతో చెమట అద్దుకుని ఇంకోసారి రాయి. ఆటల పోటీలున్న రోజు బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. టోపీ, చున్నీ ఉంటే ఇంకా మంచిది.

రాత్రి

ట్యూషన్ నుంచి రాగానే పొద్దున లాగే ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. అంతే. సన్‌స్క్రీన్ ముఖం మీద ఉంచుకుని పడుకోకు.

నీ నుదుటి మీద సన్నటి పొక్కులకి తలనూనె కూడా కారణం కావచ్చు. అమ్మమ్మ నూనె పెడతానంటే కాదనకు, కానీ తలస్నానానికి గంట ముందు పెట్టించుకో, రాత్రంతా ఉంచుకోకు. దిండు గలీబు వారానికోసారి మార్చు.

ఇవి ముట్టుకోవద్దు

నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్ట్, గరుకు సున్నిపిండితో రుద్దడం. నేను ఇంటర్‌లో ఉండగా నిమ్మరసం రాసుకుని మేడ మీద వడియాలు పెట్టడానికి వెళ్లాను. సాయంత్రానికి బుగ్గ మండిపోయింది, ఆ నల్లమచ్చ పోవడానికి నెలలు పట్టింది. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టు అవుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మందుల షాపులో ఇచ్చారని, స్నేహితురాలికి తెల్లబడిందని ఏ క్రీమూ తీసుకోకు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదట్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రగా అవుతుంది, మొటిమలు, సన్న వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. మా ఓపీలో నీ వయసు పిల్లలు దీనివల్ల ఏడుస్తూ కూర్చోవడం చూశాను.

మొదటి రెండు రోజులు మూడింటినీ మోచేతి లోపల కొంచెం రాసి చూడు. దురద, దద్దురు లేకపోతే ముఖానికి మొదలుపెట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, మచ్చలకి ఇంకా ఎక్కువ. రోజూ అద్దం దగ్గర లెక్కపెట్టుకోకుండా నెలకోసారి కిటికీ దగ్గర ఒకే వెలుగులో ఫొటో తీసి నాకు పంపు. మొటిమలు గిల్లకు.

నొప్పిగా, గడ్డల్లా లేచినా, గుంటలు పడుతున్నా, రెండు నెలలకీ ఏ మార్పూ లేకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్దాం. గడ్డం మీద వెంట్రుకలొచ్చి, నెలసరి కూడా సరిగ్గా రాకపోతే సిగ్గుపడకుండా చెప్పు. నీ మెడ వెనక నలుపుని మట్టి అనుకుని అక్క పీచుతో రుద్దుతోందట. రుద్దొద్దని చెప్పు. ముఖమల్ బట్టలా మందంగా ఉంటే అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోయినా అలా వస్తుంది, రక్తపరీక్ష చేయించాలి. శనివారం వచ్చినప్పుడు నేనే చూస్తాను.

మామయ్య ఇచ్చిన సంచిని స్కూటర్ డిక్కీలో వదిలేయకండి, ఎండకి సన్‌స్క్రీన్ పాడైపోతుంది.

మీ పిన్ని